ప్రాజెక్టు డైరీ: ఫోటోలో మిగిలిన మొత్తాల నుంచి X + Y విస్తృతి

సోమవారం

పని ఇది. లోహపు ముక్కలను కొలిమిలో పెట్టి ఒక నిర్ణీత ఉష్ణోగ్రతకు తీసుకువస్తారు. తర్వాత బయటకు తీసి గాలిలో చల్లారనిస్తారు. వేడెక్కడానికి పట్టే సమయం X, చల్లారడానికి పట్టే సమయం Y, రెండూ నిమిషాల్లో. ముక్క కొలిమిలోకి వెళ్లినప్పటి నుంచి చేతితో పట్టుకోగలిగే వరకు పట్టే మొత్తం సమయం X + Y. ఒక్కో ముక్కకు 95 నిమిషాల స్లాటు కేటాయించారు. స్లాటు దాటిపోయే ముక్కలు అనుకున్నదానికంటే ఎక్కువగా ఉన్నాయి. ఎందుకో తేల్చాలి.

అసలు కొలతలు లేవు. రాసుకున్న కాగితాలు పోయాయి. మిగిలినవి ఫోనుతో తీసిన మూడు ఫోటోలు. రెండు ఫోటోల్లో గణాంకాల మోడ్‌లో ఉన్న కాలిక్యులేటర్ తెర ఉంది, మూడో దానిలో ఒక నోటుబుక్కు పేజీ. పేజీలో చేతిరాతతో ఉన్నది ఇంతే: వేడి 31.5 ± 4.0, చల్లారు 48.2 ± 6.0, r = 0.65, మొత్తం 79.7 ± 7.2. ఈ చివరి సంఖ్య ఆధారంగానే స్లాటు నిర్ణయించారు. 79.7కి 7.2 రెండింతలు కలిపితే 94.1 వస్తుంది, దాన్ని 95 చేశారు.

7.2 ఎక్కడి నుంచి వచ్చిందో చూడగానే తెలుస్తుంది. 4.0 వర్గం 16, 6.0 వర్గం 36, కలిపితే 52, దాని వర్గమూలం 7.21. రెండు చలరాశులకు ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడు మాత్రమే చెల్లే లెక్క అది. ఆ పక్కనే సహసంబంధ గుణకం r = 0.65 అని రాసి ఉంది. సంబంధం ఉందని తెలుసుకుని, కాగితం మీద పెట్టి, లెక్కలోకి మాత్రం తీసుకోలేదు. బరువైన ముక్క వేడెక్కడానికీ ఎక్కువ సమయం తీసుకుంటుంది, చల్లారడానికీ ఎక్కువ సమయం తీసుకుంటుంది. అంటే ఒకటి పెరిగినప్పుడు రెండోదీ పెరుగుతుంది. మొత్తం మీద ఆ రెండు పెరుగుదలలూ ఒకేసారి పడతాయి.

కాబట్టి కావలసింది ఈ సూత్రం:

Var(X + Y) = Var(X) + Var(Y) + 2 Cov(X, Y)

మొదటి రెండు పదాలు విస్తృతులు, అంటే ± తర్వాత ఉన్న విచలనాల వర్గాలు, మూడోది సహవిస్తృతి, అంటే కోవేరియన్స్. ఆ 2 ఎందుకు వచ్చిందో ఒక్క ముక్క మీద చూస్తే చాలు. నోటుబుక్కు ఫోటో అంచున పేజీ మడత పడిన చోట ఒకే ఒక్క వరుస మిగిలింది: 39, 60. వేడెక్కే సగటు సమయం 31.48, చల్లారే సగటు సమయం 48.16 (ఈ సగటులు తెర ఫోటోలోవి). ఈ ముక్క మొదటిదానిలో సగటు కంటే 7.52, రెండోదానిలో 11.84 ఎక్కువ తీసుకుంది. మొత్తంలో 19.36 ఎక్కువ. 19.36 వర్గం 374.81. విడివిడిగా వర్గాలు చేస్తే 56.55, 140.19, కలిపితే 196.74 మాత్రమే. మిగిలిన 178.07 ఎక్కడిది? 7.52 × 11.84 = 89.04, దానికి రెండింతలు. ఈ ఒక్క ముక్క విషయంలోనే ఆ 374.81లో దాదాపు సగం ఆ గుణకారంలో దాగి ఉంది. నోటుబుక్కు లెక్కలో ఆ భాగం మొత్తం పోయింది.

ప్రతి ముక్కకూ ఇలాంటి మూడు పదాలు వస్తాయి. అన్నింటినీ కూడితే సూత్రం దానంతట అదే వస్తుంది. ఇక్కడ చలరాశులు ఏ వంపును అనుసరిస్తున్నాయన్న ప్రశ్నే లేదు, సంబంధం సరళరేఖలో ఉందా లేదా అన్నదీ అక్కరలేదు. ఇది వర్గాన్ని విడదీసిన బీజగణితం మాత్రమే. వంపు ఆకారం తర్వాత, స్లాటు నిర్ణయించేటప్పుడు అవసరమవుతుంది.

మంగళవారం

ఈ రోజంతా తెర ఫోటోలు చదవడమే. తేలిక పని కాదు. పైన ఉన్న గది దీపం తెర మీద అడ్డంగా ప్రతిఫలించింది. ద్రవ స్ఫటిక తెర మీద అంకెలు చిన్న గీతలతో ఏర్పడతాయి కాబట్టి ఒక్క గీత వెలుగులో మాయమైతే 8 కాస్తా 9 లాగానో, 6 లాగానో, 0 లాగానో కనిపిస్తుంది. ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి, కాంతి తేడా పెంచి చూశాను. కొన్ని తేలాయి, కొన్ని తేలలేదు.

తేలినవి:

n = 25, Σx = 787, Σy = 1204, Σy² = 58848

సగం తేలినవి రెండు. Σx² విలువ 2515 తర్వాత చివరి అంకె 3 కావచ్చు, 8 కావచ్చు, 9 కావచ్చు. Σxy విలువ 38_76, మధ్యలో వందల స్థానం పూర్తిగా వెలుగులో కలిసిపోయింది.

ముందుగా Σx². సమయాలన్నీ పూర్తి నిమిషాల్లోనే రాశారు, Σx కూడా పూర్ణసంఖ్యే. ఏ పూర్ణసంఖ్యను వర్గం చేసినా సరి సంఖ్య సరిగానే, బేసి సంఖ్య బేసిగానే ఉంటుంది. అందువల్ల Σx, Σx² రెండూ సరిగానో రెండూ బేసిగానో ఉండి తీరాలి. 787 బేసి, కాబట్టి 25158 కుదరదు. మిగిలినవి 25153, 25159. ఇదే పరీక్ష y మీద కూడా పెట్టాను: 1204 సరి, 58848 సరి, కుదిరింది. ఇలా కుదిరినంత మాత్రాన చదివింది సరైనదని అర్థం కాదు, తప్పు అంకె కూడా సగం సందర్భాల్లో ఈ పరీక్ష దాటేస్తుంది. అయినా ఏ ఖర్చూ లేని వడపోత. కొలతలు దశాంశాల్లో ఉంటే మాత్రం నేరుగా పనిచేయదు.

మిగిలిన రెండింటిలో ఏది? తెరపైనే ప్రామాణిక విచలనం కూడా ఉంది. సగటు నుంచి ఒక్కో కొలత ఎంత దూరమో, ఆ దూరాల వర్గాల మొత్తాన్ని Sxx అంటాను:

Sxx = Σx² − (Σx)²/n

787 వర్గం 619369, దాన్ని 25తో భాగిస్తే 24774.76. 25153 అయితే Sxx = 378.24, 25159 అయితే 384.24. 24తో భాగించి వర్గమూలం తీస్తే మొదటిది 3.9699, రెండోది 4.0012. తెర మీద 4.00 తర్వాత అంకెలు స్పష్టంగా లేకపోయినా 4.00 మాత్రం కనిపిస్తోంది. కాబట్టి 25159. ఇక్కడ ఒక జాగ్రత్త. అదే తెర మీద దాని పైన 3.92 అనే మరో విలువ కూడా ఉంది. అది 25తో భాగించిన విచలనం. ఒకదాని గుర్తు σx, మరొకదాని గుర్తు sx. ఫోటోలో రెండు గుర్తులూ మసకగానే ఉన్నాయి. అయితే గుర్తు చదవనక్కరలేదు. ఒకే సమాచారం నుంచి వచ్చినప్పుడు 24తో భాగించినదే పెద్దది, రెండింటి నిష్పత్తి √(24/25), అంటే 0.98. 3.92ను 4.00తో భాగిస్తే 0.98. సరిపోయింది. n = 25 అని చదివింది కూడా సరైనదేనని దీనితో మరో ఆధారం దొరికింది.

Syy కూడా ఇదే దారిలో వచ్చింది: 1204 వర్గం 1449616, 25తో భాగిస్తే 57984.64, 58848 నుంచి తీసివేస్తే 863.36. sy = 5.998.

మంగళవారం రాత్రి

Σxy మిగిలింది. 38_76.

వందల స్థానంలో 0 నుంచి 9 వరకు ఏదైనా ఉండవచ్చు. ఒక్క అంకె తేడా వస్తే Σxy 100 మారుతుంది, X + Y విస్తృతి 200/24, అంటే 8.33 మారుతుంది. అది చిన్న తేడా కాదు. ఒక అంకె తక్కువైతే మొత్తపు విచలనం 8.65, ఒక అంకె ఎక్కువైతే 9.57. ఊహించి ఒక అంకె పెట్టుకునే అవకాశం లేదు.

కోషీ–ష్వార్జ్ అసమానత ఇక్కడ నేరుగా పనికొస్తుంది. Sxy అంటే Σxy − Σx·Σy/n, దాని పరిమాణం √(Sxx·Syy)ని ఎన్నటికీ దాటదు. అంటే సహసంబంధ గుణకం r −1కీ 1కీ మధ్యలోనే ఉండాలి. పది అంకెలనూ పెట్టి చూశాను:

```python
n = 25
Sx, Sy = 787, 1204
cxx = 25159 - Sx*Sx/n
cyy = 58848 - Sy*Sy/n
for d in range(10):
    cxy = 38076 + 100*d - Sx*Sy/n
    print(d, round(cxy / (cxx*cyy)**0.5, 4))
```

0 పెడితే r = 0.3022, 1 పెడితే 0.4759, 2 పెడితే 0.6495, 3 పెడితే 0.8231, 4 పెడితే 0.9967. 5 దగ్గర 1.1703 అయింది. అంటే 5 నుంచి 9 వరకు అసాధ్యం. పది అవకాశాలు ఐదయ్యాయి.

ఇక రెండో తెర ఫోటో. అందులో సరళరేఖ సమీకరణానికి చెందిన a, b, r వరుసలు ఉన్నాయి. వెలుగు చార b మొత్తాన్ని, r కుడి సగాన్ని మింగేసింది. r వరుసలో ఎడమవైపు 0.64 మాత్రం స్పష్టంగా ఉంది. ఐదింటిలో 0.64తో మొదలయ్యేది ఒక్కటే, 0.6495. కాబట్టి వందల స్థానంలో 2, Σxy = 38276. నోటుబుక్కులోని r = 0.65 కూడా దీనితో సరిపోతుంది, ఎందుకంటే 0.6495ను రెండు దశాంశాలకు సవరిస్తే 0.65. ఒకే కాలిక్యులేటర్ నుంచి వచ్చినవి కాబట్టి ఇవి రెండు స్వతంత్ర సాక్ష్యాలు కావు, కానీ తెరను చదివిన తీరును నిర్ధారించడానికి చాలు.

ఈ పద్ధతి పనిచేసింది r విలువల మధ్య దూరం 0.17 ఉండడం వల్లే. మసకబారినది చివరి అంకె అయితే పరిస్థితి వేరు. 38276, 38277ల మధ్య r తేడా 0.0017 మాత్రమే, 0.64 అని సగం కనిపించే విలువతో అది తేలదు. అదృష్టవశాత్తు అప్పుడు విస్తృతిలో తేడా కూడా 0.08 మాత్రమే, కాబట్టి తేలకపోయినా పెద్ద నష్టం ఉండదు. పెద్ద స్థానంలో సందేహం ఉంటే నష్టం ఎక్కువ, తేల్చడమూ తేలికే. చిన్న స్థానంలో ఉంటే నష్టమూ తక్కువే, తేల్చడం కష్టం.

బుధవారం

లెక్క పూర్తయింది. మూడు విలువలూ ఒకే భాజకంతో ఉండేలా చూసుకున్నాను.

Sxx = 384.24
Syy = 863.36
Sxy = 38276 − 787·1204/25 = 38276 − 37901.92 = 374.08

24తో భాగిస్తే X విస్తృతి 16.01, Y విస్తృతి 35.97, సహవిస్తృతి 15.59. సహవిస్తృతి ప్రమాణం నిమిషాల వర్గం. r కి ప్రమాణం లేదు. సూత్రంలో పెట్టాల్సింది సహవిస్తృతినే, r ని నేరుగా పెట్టకూడదు.

Var(X + Y) = 16.01 + 35.97 + 2 × 15.587 = 83.16

వర్గమూలం 9.12. నోటుబుక్కులో 7.2 ఉంది. సంబంధాన్ని వదిలేసినందుకు విచలనం దాదాపు రెండు నిమిషాలు తగ్గిపోయింది.

సరిచూసుకోవడానికి మరో దారి ఉంది. T = X + Y అనుకుంటే ΣT = 787 + 1204 = 1991. ΣT² = Σx² + Σy² + 2Σxy = 25159 + 58848 + 76552 = 160559. 1991 వర్గాన్ని 25తో భాగిస్తే 158563.24. తీసివేస్తే 1995.76. పైన వచ్చిన మూడింటినీ ఇలా కలిపినా, 384.24 + 863.36 + 748.16, అదే 1995.76. 24తో భాగిస్తే 83.16. ఈ సరిపోలిక వల్ల కూడిక, గుణకారం సరిగా చేశానని మాత్రమే తెలుస్తుంది. ఫోటో నుంచి అంకె తప్పు చదివి ఉంటే రెండు దారులూ ఒకే తప్పు దగ్గరికి చేరేవి.

ప్రోగ్రాముకు పరీక్షగా మూడు జతలు చాలు: (1, 2), (2, 3), (3, 7). Sxx = 2, Syy = 14, Sxy = 5. మొత్తాలు 3, 5, 10, సగటు 6, విచలనాల వర్గాలు 9, 1, 16, కలిపితే 26. 2 + 14 + 10 కూడా 26. ఇది నోటితోనే అయిపోతుంది.

భాజకం విషయంలో ఒక మాట. 25తో భాగించినా తప్పు కాదు, అప్పుడు మొత్తపు విస్తృతి 79.83, విచలనం 8.93. సమస్య వచ్చేది కలిపితేనే: విస్తృతులను 24తో భాగించిన తెర నుంచి తీసుకుని, సహవిస్తృతిని 25తో భాగిస్తే 81.91 వస్తుంది. ఇలాంటి తప్పుకు పైకి ఏ సూచనా ఉండదు, ఎందుకంటే జవాబు నమ్మదగినట్టే కనిపిస్తుంది. కంప్యూటర్‌లోని పట్టికల ప్రోగ్రాముల్లో కూడా COVARIANCE.P, COVARIANCE.S అని రెండూ ఉంటాయి. మొదటిది n తో, రెండోది n − 1 తో భాగిస్తుంది. VAR.S తో పాటు COVARIANCE.P వాడితే ఇదే జరుగుతుంది.

గురువారం

ఫోటోలు తీసిన సహోద్యోగికి ఫోను చేశాను. ఆవిడకు ఒకే ప్రశ్న.

"వేడి, చల్లారు సమయాలను ఒక్కో ముక్కకు పక్కపక్కనే ఎక్కించారా, లేక ముందు వేడి జాబితా మొత్తం, తర్వాత చల్లారు జాబితా మొత్తం ఎక్కించారా?"

"రెండు నిలువు వరుసలుగానే ఎక్కించానండి. కానీ ఏ ముక్కకు ఏది అన్నది కాగితం చూసే ఎక్కించాను, కలిసిపోయే అవకాశం లేదు. ఎందుకు అడుగుతున్నారు?"

ఎందుకంటే Σx, Σy, Σx², Σy² లలో జత గురించిన సమాచారం ఏమీ లేదు. Y జాబితాను ఎలా తారుమారు చేసినా ఆ నాలుగూ మారవు. మారేది Σxy ఒక్కటే. రెండు జాబితాలనూ విడివిడిగా చిన్న నుంచి పెద్దకు పేర్చి ఎక్కిస్తే Σxy సాధ్యమైనంత గరిష్ఠ విలువకు చేరుతుంది, r 1కి బాగా దగ్గరగా వస్తుంది. మంగళవారం నాటి పట్టికలో 4 అంకెకు వచ్చిన 0.9967 అలాంటిదే. కొలిమి, ముక్కల బరువు, గాలి వీచే తీరు ఇన్ని మారుతుండగా సమయాల మధ్య అంత బిగువైన సంబంధం కనిపిస్తే నేను సహవిస్తృతిని నమ్మను, ముందు జతలను అనుమానిస్తాను. జతలు యాదృచ్ఛికంగా కలగాపులగమైతే r సున్నా దగ్గరకు పడిపోతుంది. ఇక్కడ 0.65 వచ్చింది, ఆవిడ చెప్పినదానికి సరిపోయేదే.

ఆవిడ మరో మాట అడిగారు: "సగటులు కూడా నోటుబుక్కులో ఉన్నాయి కదా, 31.5, 48.2. వాటితో సహవిస్తృతి తీయలేమా?"

ఇది చూపించాల్సిన విషయమే. Sxy = Σxy − n·x̄·ȳ అనే రూపం సరైనదే. కానీ 25 × 31.5 × 48.2 = 37957.5. దాన్ని 38276 నుంచి తీసివేస్తే 318.5. అసలు విలువ 374.08. సగటులను ఒక్క దశాంశానికి సవరించినందుకే సహవిస్తృతి 15.59 నుంచి 13.27కి తగ్గిపోయింది. పూర్తి నిమిషాలకు సవరించి 31, 48 పెడితే మరీ విడ్డూరం: 1076 వస్తుంది, √(Sxx·Syy) 576 మాత్రమే. అసాధ్యమైన సహవిస్తృతి. దాదాపు 38000 పరిమాణంలోని రెండు సంఖ్యలను తీసివేసి కొన్ని వందల సంఖ్యను రాబడుతున్నాం. పెద్ద సంఖ్యల్లో ఒక శాతం కూడా లేని తేడా, జవాబులో పెద్ద భాగమే అవుతుంది. అందుకే సగటులను వాడకుండా Σx·Σy/n గానే లెక్కించాను. పూర్ణసంఖ్యలు ఎక్కడా సవరణకు గురికావు.

విచిత్రం ఏమిటంటే, నోటుబుక్కులోని సవరించిన విచలనాలు, r మాత్రం మంచి జవాబే ఇస్తాయి. 2 × 0.65 × 4.0 × 6.0 = 31.2, 16 + 36 + 31.2 = 83.2. అసలుది 83.16. కారణం: ఇక్కడ పెద్ద సంఖ్యల తీసివేత లేదు, అది కాలిక్యులేటర్ లోపల పూర్తి అంకెలతో ముందే జరిగిపోయింది. ఎంత నమ్మవచ్చో కూడా చెప్పవచ్చు. 4.0 అంటే 3.95 నుంచి 4.05 వరకు ఏదైనా, 6.0 అంటే 5.95 నుంచి 6.05, r 0.645 నుంచి 0.655. అన్నీ కింది కొసన తీసుకుంటే విస్తృతి 81.32, పై కొసన 85.10. విచలనం 9.02, 9.23ల మధ్య ఎక్కడో ఉంటుంది. అంటే తెర ఫోటోలు రెండూ పూర్తిగా పాడైపోయినా, నోటుబుక్కు పేజీ ఒక్కదానితోనే 7.2 తప్పని తేలేది. రాసిన వ్యక్తి చేతిలోనే అవసరమైన మూడు సంఖ్యలూ ఉన్నాయి.

శుక్రవారం

స్లాటు లెక్క. సగటు 79.64, ఇది సంబంధంతో పనిలేకుండా రెండు సగటుల కూడికే. 95 నిమిషాల హద్దు సగటు నుంచి 15.36 నిమిషాల దూరంలో ఉంది. 7.21తో భాగిస్తే 2.13 విచలనాల దూరం, 9.12తో భాగిస్తే 1.68. మొత్తం సమయం గంట ఆకారపు సాధారణ వంపులో ఉందనుకుంటే మొదటి లెక్క ప్రకారం స్లాటు దాటేవి 1.7 శాతం, అంటే దాదాపు 60 ముక్కలకు ఒకటి. రెండో లెక్క ప్రకారం 4.6 శాతం, దాదాపు 22కి ఒకటి. మూడింతలకు దగ్గర. "అనుకున్నదానికంటే ఎక్కువ" అన్న ఫిర్యాదుకు ఈ తేడా చాలు. కొలిమిలో వేరే లోపం వెతకాల్సిన పని ఉందని ఇప్పటికి అనిపించడం లేదు.

సాధారణ వంపు అన్నది నా ఊహ, ఫోటో చెప్పింది కాదు. మొత్తాల నుంచి ఆకారం తెలియదు. రెండు విచలనాల హద్దు ఇప్పుడు 79.64 + 18.24 = 97.88. స్లాటు 98 నిమిషాలకు పెంచమని రాశాను.

రెండు విచలనాలను నేరుగా కూడి 4 + 6 = 10 అని పెట్టుకోకూడదా అని ఒకరు అడిగారు. r సరిగ్గా 1 అయితే అదే నిజం. అంతకన్నా తక్కువైతే ఎప్పుడూ 10 కంటే తక్కువే వస్తుంది. జాగ్రత్త కోసం పై హద్దు కావాలంటే 10 పనికొస్తుంది, స్లాటు 100 అవుతుంది. Σxy అసలే దొరకని ఫోటో అయితే నేనూ అదే చేస్తాను.

ఇంకో సంగతి కూడా రాసి పంపాను. చల్లారే సమయం వేడెక్కే సమయం కంటే ఎంత ఎక్కువ అన్నది వాళ్లు మరో చోట వాడుతున్నారు. Y − X కు అదే సహవిస్తృతి తీసివేతగా పడుతుంది: 16.01 + 35.97 − 31.17 = 20.81, విచలనం 4.56. X + Y మొత్తంలో సంబంధం చెదురును పెంచింది, తేడాలో తగ్గించింది. 7.2 అన్న సంఖ్య ఇక్కడ కూడా వాడి ఉంటే ఈసారి అవసరానికి మించి పెద్దది. ఒకే తప్పు ఒకచోట ధీమా ఇచ్చింది, మరోచోట భయపెట్టింది.

9.12 ని కూడా రెండు దశాంశాలతో పట్టుకుని వేలాడడం లేదు. 25 ముక్కల నుంచి వచ్చిన విచలనం దానికదే ఊగుతుంది. సాధారణ వంపుకు దగ్గరగా ఉంటే ఆ ఊగిసలాట దాదాపు 1/√(2 × 24), అంటే 14 శాతం, 9.1కి ఒక నిమిషం పైచిలుకు అటూ ఇటూ. ఫోటోలో చివరి అంకెల కోసం పడిన పాట్లతో పోలిస్తే ఇది చాలా పెద్దది. అయినా వందల స్థానంలోని అంకె తేల్చకపోతే మాత్రం ఆ సందేహం దీనికి అదనంగా పడేది. నిమిషాలకు సవరించి రాయడం వల్ల ఒక్కో విస్తృతిలో చేరేది దాదాపు 1/12, అంటే 0.08. దాన్ని పట్టించుకోనక్కరలేదు.

శనివారం

స్లాటు 98 ఒప్పుకున్నారు. దానితో పాటు కొత్త అడుగు వచ్చింది: చల్లారిన తర్వాత ముక్క ఉపరితలాన్ని శుభ్రం చేసే సమయం Z కూడా మొత్తంలో కలపాలట. Z సగటు, విచలనం పాత ఫోటోల్లో మరో చోట ఉన్నాయి. కానీ మూడు చలరాశులకు మూడు సహవిస్తృతులు కావాలి:

Var(X + Y + Z) = Var(X) + Var(Y) + Var(Z) + 2Cov(X, Y) + 2Cov(X, Z) + 2Cov(Y, Z)

Σxz, Σyz ఏ ఫోటోలోనూ లేవు. ఆ కాలిక్యులేటర్ రెండు చలరాశులనే తీసుకుంటుంది కాబట్టి ఎప్పుడూ లెక్కించి ఉండరు. బరువైన ముక్కకు ఉపరితలం కూడా ఎక్కువే కాబట్టి సహవిస్తృతులు ధనాత్మకంగా ఉంటాయని ఊహించవచ్చు, కానీ ఎంత అన్నది ఫోటోల నుంచి రాదు. కోషీ–ష్వార్జ్ పై హద్దు మాత్రం ఇస్తుంది: Cov(X, Z), sx·sz ని దాటదు, Cov(Y, Z), sy·sz ని దాటదు. ఆ హద్దులతో తాత్కాలిక స్లాటు ఒకటి లెక్కించి పంపాను. కొత్త ముక్కలకు మూడు సమయాలనూ ఒకే వరుసలో రాయమని, వీలైతే ప్రతి వరుస చివర మొత్తం T కూడా రాయమని అడిగాను. T ఉంటే దాని విస్తృతి నేరుగా వస్తుంది, సహవిస్తృతులు ఏ జత నుంచి ఎంత వస్తోందో చూడడానికి మాత్రమే అవసరమవుతాయి. తెర ఫోటో తీసేటప్పుడు దీపం ఆర్పి తీయమని కూడా చెప్పాను.